జాగ్రత్త: యాడ్లు లేని ప్లాన్‌కు ఒక్క రాత్రే రెండుసార్లు కట్టాను, అయినా యాడ్లు చూశాను

నిన్న రాత్రి జరిగింది. ఇంకా కోపం తగ్గలేదు. యాప్ పేరు రాయను, మీలో సగం మంది టీవీల్లో ఉన్నదే. మొబైల్ రీఛార్జితో ఊరికే వచ్చే యాడ్ల ప్లాన్ ఉంటుంది కదా, ఇన్నాళ్లూ దానితోనే నెట్టుకొచ్చాం.

దేవరకొండ నుంచి అక్కావాళ్లు వచ్చారు. అన్నాలు తిని అందరం టీవీ ముందు కూర్చున్నాం. నాయినకు ఇష్టమైన పాత సినిమా. పాట మొదలైతే చాలు, పల్లవి అయ్యేలోపు సబ్బు యాడ్, చరణం అయ్యేలోపు సిమెంట్ యాడ్. నాయిన రిమోట్ పక్కన పడేసి "దీనికంటే సంతలో తోలుబొమ్మలాట నయం రా" అన్నాడు. బావ ముందు మాట పడింది కదా, నాకు పౌరుషం వచ్చింది. ఫోన్ తీసి యాడ్లు లేని ప్లాన్ కొనేశా. నెలకు 149. ప్లే స్టోర్ ద్వారా, యూపీఐ ఆటోపేతో.

7:38కి బ్యాంకు మెసేజ్ వచ్చింది, డబ్బులు పోయాయని. 7:41కి గూగుల్ ప్లే నుంచి మెయిల్ వచ్చింది, GPA. తో మొదలయ్యే ఆర్డర్ నంబరుతో సహా. "అయిపోయింది నాయినా, ఇక చూడు" అన్నా. అలవాటు ప్రకారం ఫోన్‌లో తెరిచి ఉన్న యాప్‌లన్నీ పైకి తోసి మూసేశా. ఆ ఒక్క పనే నా కొంప ముంచిందని రాత్రి తొమ్మిదింటికి గానీ తెలియలేదు.

7:45కి టీవీలో మళ్లీ అదే సబ్బు యాడ్. నాయిన ఏమీ అనలేదు. నా వైపు ఒక్కసారి చూశాడు, అంతే. తిట్టినా బాగుండేది.

కస్టమర్ కేర్ చాట్‌లోకి వెళ్లా. ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి, నాకు మండింది ఇక్కడే. ఆర్డర్ నంబరు పంపా. బ్యాంకు మెసేజ్ ఫొటో పంపా. అవతలి మనిషి నాలుగు నిమిషాలు తీసుకుని రాసిన జవాబు ఇది: "సార్, మీ అకౌంట్‌లో ఏ పేమెంటూ లేదు. డబ్బులు వేరే ఎవరికైనా పంపారేమో చూసుకోండి."

వేరే ఎవరికైనా! ఎదురుగా గూగుల్ ఆర్డర్ నంబరు పెట్టుకుని ఆ మాట అన్నాడు. నేనేదో తాగిన మత్తులో కిరాణా కొట్టుకు కొట్టేసినట్టు. మళ్లీ అడిగా, ఇంకోసారి చూడండి అని. "మా సిస్టమ్‌లో లేదు సార్. ప్లాన్ కావాలంటే ఈ లింక్‌లో తీసుకోండి, వెంటనే యాక్టివేట్ అవుతుంది" అని లింక్ పంపాడు. అది వాళ్ల వెబ్‌సైట్ లింక్.

నేనేం చేశానో తెలుసా? కట్టాను. డిగ్రీ చదివాను, పది మందికి ఆన్‌లైన్ ఫారాలు నింపి పెడతాను, అయినా కట్టాను. వెనక ఇంటిల్లిపాదీ కూర్చుని ఉంటే బుర్ర పనిచేయదు. 8:12కి ఇంకో 149 పోయింది. ఆ క్షణమే చాట్‌లో "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని ఐదు నక్షత్రాలు మెరిశాయి. చాట్ మూతపడింది.

8:20కి టీవీలో సిమెంట్ యాడ్.

చివరికి అక్క కొడుక్కు ఫోన్ చేశా. హైదరాబాద్‌లో పేమెంట్ల సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. విని ముందు నవ్వాడు. తర్వాత "మామా, నీ డబ్బులు ఎక్కడికీ పోలేదు. నువ్వు కొన్న సంగతి టీవీ దాకా చేరలేదు, అంతే" అన్నాడు. వాడు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నా.

ఐకేపీ సెంటర్‌లో వడ్లు కాంటా కాగానే పైసలు పడవు కదా. మిల్లు నుంచి ట్రక్ షీట్ రావాలి, ఆన్‌లైన్‌లో ఎంట్రీ పడాలి, ఆ తర్వాతే రైతు ఖాతా. ఇదీ అంతే. నేను ఇచ్చిన డబ్బు గూగుల్ ప్లే లెక్కలోకి చేరింది. అది మొదటి చిట్టా. అక్కడ గూగుల్ ఒక రసీదు లాంటి కోడ్ తయారుచేస్తుంది. ఆ కోడ్‌ను ఫోన్‌లోని యాప్ తీసుకుని తన కంపెనీ సర్వర్‌కు ఇవ్వాలి. సర్వర్ అది నిజమైనదేనా అని గూగుల్‌ను అడిగి, అప్పుడు నా మొబైల్ నంబరు ఎదురుగా "యాడ్లు వద్దు" అని రాసుకుంటుంది. ఇది రెండో చిట్టా. చాట్‌లో వాడు చూసింది దీన్నే. మొదటి చిట్టా వాడి కళ్ల ముందు లేదు.

నేను మెయిల్ రాగానే యాప్‌ను తోసేశాను కదా, కోడ్ పట్టుకెళ్లే మనిషినే దారిలో ఆపేసినట్టయింది. గూగుల్ కూడా నేరుగా కంపెనీ సర్వర్‌కు కబురు పంపగలదట. కానీ నేను యాప్‌లోకి మొబైల్ నంబరుతో వెళ్తాను, ప్లే స్టోర్‌లో ఉన్నది నా జీమెయిల్. ఈ కొనుగోలు ఫలానా నంబరు వాళ్లదని యాప్ ముందే జోడించి పంపకపోతే, కబురు అందినా అది ఎవరిదో సర్వర్‌కు తెలియదు. ఫోన్‌లో యాప్‌ను ఒక్కసారి మళ్లీ తెరిచి ఉంటే, అది ప్లే స్టోర్‌ను "కొత్త కొనుగోళ్లు ఏమైనా ఉన్నాయా" అని అడిగి తీసుకునేదట. ఒక్కసారి తెరవడం! దానికి నేను కట్టిన ఫైన్ 149.

మరి రెండోసారి వెబ్‌సైట్‌లో కట్టాక కూడా యాడ్ ఎందుకు వచ్చింది? వెబ్‌సైట్‌లో మొబైల్ నంబరుతోనే లాగిన్ అయ్యాను కాబట్టి రెండో చిట్టాలో వెంటనే ఎక్కింది. ఫోన్‌లో చూస్తే యాడ్లు లేవు కూడా. కానీ టీవీ దగ్గర ఇంకో చీటీ ఉంటుంది. లాగిన్ అయినప్పుడు సర్వర్ ఇచ్చిన చీటీ అది, దానిమీద పాత ప్లాన్ రాసి ఉంది. టీవీ ప్రతిసారీ సర్వర్‌ను అడగదు, ఆ చీటీ గడువు తీరేదాకా దాన్నే నమ్ముతుంది. గడువు యాప్‌ను బట్టి నిమిషాలు కావచ్చు, గంటలు కావచ్చు. పైగా ఆడుతున్న సినిమాకు యాడ్లు ఎక్కడెక్కడ రావాలో ప్లే నొక్కినప్పుడే కొన్ని యాప్‌లు రాసేసుకుంటాయి, వీడియోలోనే కుట్టేస్తాయి. మధ్యలో ఎంత పెద్ద ప్లాన్ కొన్నా ఆ కుట్లు ఊడవు. పాజ్ చేసి మళ్లీ నొక్కితే పోదు.

వాడు చెప్పినట్టే టీవీలో లాగ్ అవుట్ చేసి, మళ్లీ ఓటీపీతో లాగిన్ అయి, సినిమాను వెతికి కొత్తగా మొదలుపెట్టా. ఒక్క యాడ్ లేదు. అప్పటికి క్లైమాక్స్ ఫైటు. నాయిన ఎప్పుడో పడుకున్నాడు.

ఇక రెండు 149ల సంగతి. ప్లే స్టోర్‌లో అదే ప్లాన్ రెండోసారి కొనబోతే "ఇప్పటికే ఉంది" అని ఆపేదే. కానీ వెబ్‌సైట్ దారి వేరు, ప్లే స్టోర్ దారి వేరు. ఒకదాని సంగతి ఇంకోదానికి పట్టదు. చాట్‌లో వాడు నన్ను పంపింది సరిగ్గా ఆ సందులోకే. పొద్దున ఫోన్‌లో యాప్ తెరిస్తే రెండూ నా పేరు మీదే దర్జాగా కూర్చున్నాయి. వెబ్‌సైట్ వాళ్లను అడిగితే "ప్లాన్ వాడటం మొదలుపెట్టారు, రిఫండ్ కుదరదు" అన్నారు. మొదలుపెట్టించింది ఎవరయ్యా? అందుకే గూగుల్ ప్లేలోదే వదులుకున్నా. కొన్న 48 గంటల్లోపు అయితే అక్కడే రిఫండ్ అడగవచ్చు, పొద్దున్నే పెట్టేశా. సబ్‌స్క్రిప్షన్ కూడా విడిగా క్యాన్సిల్ చేశా, ఎందుకంటే క్యాన్సిల్ చేస్తే వచ్చే నెల కోత ఆగుతుంది గానీ ఈ నెల డబ్బు తిరిగి రాదు. ఆ రెండూ వేర్వేరు పనులు. యాప్ డిలీట్ చేస్తే క్యాన్సిల్ అయినట్టే అనుకునేవాళ్లు ఉన్నారు, కాదు.

మీకూ ఇలాగే అయితే డబ్బు మళ్లీ కట్టే ముందు మూడు చోట్ల చూడండి. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల పేజీలో ప్లాన్ యాక్టివ్‌గా ఉందా? అక్కడే Pending అని ఉంటే పేమెంట్ ఇంకా తేలలేదని, ఆగాల్సిందే. అక్కడ యాక్టివ్‌గా ఉండి యాప్‌లోని అకౌంట్ పేజీలో పాత ప్లానే ఉంటే, కొన్న ఫోన్‌లోనే యాప్ తెరవండి, Restore purchases అని కనిపిస్తే నొక్కండి. మొబైల్ నంబర్లు రెండు ఉన్నవాళ్లు ఏ నంబరుతో లాగిన్ అయ్యారో కూడా చూసుకోండి. అకౌంట్ పేజీలో కొత్త ప్లాన్ వచ్చేసి టీవీలో మాత్రమే యాడ్లు వస్తుంటే తప్పు టీవీలోని పాత చీటీదే, లాగ్ అవుట్ చేసి రండి. ఇంకో మాట, యాప్ సర్వర్ ఆ కొనుగోలును అందుకున్నానని మూడు రోజుల్లో గూగుల్‌కు చెప్పకపోతే గూగులే డబ్బు వెనక్కి ఇచ్చేస్తుంది. అంటే నేను ఏమీ చేయకుండా కూర్చున్నా నష్టపోయేవాణ్ని కాదు.

క్రికెట్ లైవ్‌లో యాడ్లు వస్తే నన్ను తిట్టకండి. చాలా ప్లాన్లలో లైవ్‌కు మినహాయింపు ఉంటుంది, కొనే పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. బావ ఆ సంగతి ఈ పొద్దున టిఫిన్ దగ్గర చెప్పాడు, ఇడ్లీ నములుతూ, తాపీగా. నిన్న రాత్రి నేను రెండోసారి పిన్ కొడుతుంటే పక్కనే ఉన్నాడు ఈయన.

రిఫండ్ మెయిల్ ఇంకా రాలేదు.