499 పెట్టి ఆ వడ్డీ లెక్కల ఎక్సెల్ షీట్ కొనేముందు ఇది చదవండి

ఫ్రెండ్స్, పెట్టిన డబ్బుకి ఏడాదికి ఎంత శాతం వచ్చిందో చెప్తాం అని అమ్ముతున్న ఒక మాక్రో షీట్ పోయిన నెల 499 పెట్టి కొన్నాను. అమ్మినాయన పేరు రాయను, గొడవెందుకు, కానీ ఇదే మాక్రో ఇంకొంతమంది కూడా వేరే పేర్లతో అమ్ముతున్నట్టు అనిపిస్తోంది.

ముందు నాకు ఆన్సర్ తెలిసిన లెక్కే వేసి చూశా. లక్ష పదేళ్ళలో రెండు లక్షలైతే ఏడాదికి 7.18 శాతం, క్యాలిక్యులేటర్‌లో కూడా వస్తుంది. షీట్ ఏం చెప్పిందో తెలుసా, 0.19 శాతం! నేనే తప్పు సెల్‌లో కొట్టానేమో అని మూడుసార్లు చూసుకున్నా.

మాక్రోకి పాస్‌వర్డ్ లేదు కాబట్టి ఓపెన్ చేసి చూస్తే లోపల ఉన్నది రెగ్యులా ఫాల్సీ, అంటే ఫాల్స్ పొజిషన్ మెథడ్. f(r) = (1+r)^10 - 2 సున్నా అయ్యే చోటు వెతకాలి, ఎడమ చివర a 0 శాతం, కుడి చివర b 100 శాతం. 0 దగ్గర ఫంక్షన్ విలువ -1, 100 శాతం దగ్గర ఏకంగా 1022. ఈ రెండు పాయింట్లని గీతతో కలిపి అది సున్నాని కోసే చోటుని కొత్త గెస్‌గా తీసుకుంటారు కదా, గీత ఎంత నిటారుగా ఉంటుందంటే మొదటి గెస్ 0.098 శాతం, రెండోది 0.194. ఈ వంపు పైకి లేచే రకం కాబట్టి గెస్ ఎప్పుడూ అసలు ఆన్సర్‌కి ఎడమవైపే పడుతుంది, ఎడమ చివరే జరుగుతుంది, కుడి చివర ఆ 100 శాతం దగ్గర పాతేసిన రాయిలా అలాగే ఉండిపోతుంది. ఇక వాళ్ళు పెట్టిన స్టాప్ కండిషన్ ఏంటంటే వరుస గెస్‌ల మధ్య తేడా 0.001 కంటే తక్కువైతే ఆపేయ్. మాక్రో లోపల 100 శాతం అంటే 1, కాబట్టి ఆ రెండు గెస్‌ల తేడా 0.00097 రాగానే ఆన్సర్ దొరికేసిందనుకుని ఆగిపోయింది. నిజానికి దొరకడం కాదు అది, నత్తనడక.

మెసేజ్ పెడితే ఆయన "సర్ టాలరెన్స్ తగ్గించి 100 లూప్‌లు పెట్టాను, కొత్త వెర్షన్ తీసుకోండి" అన్నాడు. దాంట్లో దాదాపు 5.6 శాతం వచ్చింది. ఆన్సర్ దగ్గరికి వచ్చాక ప్రతి రౌండ్‌కి తప్పు 1.7 శాతమే తగ్గుతుంది, అంటే ఒక్క దశాంశ అంకె కోసం 135 రౌండ్లు. మామూలుగా సగం సగం కోసుకుంటూ పోయే బైసెక్షన్ అయినా 20 రౌండ్లలో పది లక్షల్లో ఒక వంతు దాకా వచ్చేస్తుంది, దానికన్నా ఇది అధ్వాన్నం.

మందు చాలా పాతదే, ఇల్లినాయి పద్ధతి అంటారు, 1971లో డోవెల్, జారట్ దీన్ని విశ్లేషించారు. ఒకే వైపు చివర వరసగా రెండుసార్లు జరిగితే, కదలని చివర దగ్గర ఫంక్షన్ విలువని సగం చేసేయడమే.

```
If fx * fb < 0 Then
    a = x: fa = fx
    If side = -1 Then fb = fb / 2
    side = -1
Else
    b = x: fb = fx
    If side = 1 Then fa = fa / 2
    side = 1
End If
```

నేను పెట్టి చూస్తే గెస్‌లు 0.19, 0.39, 0.76, 1.47, 2.75, 4.80, 7.14 ఇలా వచ్చి తొమ్మిదో రౌండ్‌లో 7.22, అంటే అవతలి వైపు దూకింది, అప్పటికి గానీ ఆ కుడి చివర కదల్లేదు. పదో రౌండ్‌లో 7.1773, పని అయిపోయింది. ఒకటి మాత్రం చూసుకోండి, వాళ్ళ మాక్రోలో ప్రతి లూప్ మొదట్లో fb = f(b) అని మళ్ళీ లెక్కేసే లైన్ ఉంది, అది తీసెయ్యకపోతే మీరు సగం చేసింది అక్కడే తుడిచిపెట్టుకుపోతుంది, మళ్ళీ పాత కథే. నాకు ఒక సాయంత్రం అంతా దీనికే పోయింది.

సగానికి బదులు 1 - f(కొత్త)/f(పాత) తో గుణించే ఆండర్సన్-బ్యోర్క్ రకం కూడా ఉంది (ఈ విలువ సున్నా లేదా మైనస్ వస్తే సగమే వాడాలి). ఈ లెక్కలో అది 1022ని ఒక్క దెబ్బకి 10కి దించేసి మూడో గెస్‌కే 9 శాతం దగ్గరికి దూకింది. చివర్లో స్పీడ్ కూడా దీనిదే ఎక్కువ, ఇల్లినాయి ఆర్డర్ 1.44 దగ్గర ఉంటే ఇది 1.7 దగ్గర. కోడ్ సింపుల్‌గా ఉంటుందని నేను ఇల్లినాయే ఉంచుకున్నా.

ఎవరైనా ఇలాంటి షీట్ అమ్ముతుంటే డెమోలో ప్రతి రౌండ్‌కి a, b రెండూ ప్రింట్ చేసి చూపించమనండి. పదిహేను రౌండ్లయినా b అలాగే 1 దగ్గరే ఉంటే డబ్బులు ఇవ్వకండి. ఆ మాటకొస్తే ఈ లెక్కకి ఎక్సెల్‌లో =RATE(10,0,-100000,200000) అని కొడితే 7.18 శాతం ఫ్రీగా వస్తుంది, నాకు అది గుర్తొచ్చేసరికి 499 పోయింది. రీఫండ్ అడిగి పన్నెండు రోజులైంది, బ్లూ టిక్ వచ్చింది, డబ్బు రాలేదు.