పిప్ లెటర్ వచ్చాక: ఊరికే సంతకమా, గట్టి ఎదురు జవాబా, నెమ్మదిగా రాసిన మెయిలా?

రేణిగుంట, శ్రీసిటీ వైపు కంపెనీల్లో పనిచేసే పిల్లలు ఈమధ్య నన్ను మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్న ఇది. "అక్కా, పిప్ ఇచ్చారు, రాసిందాంట్లో కొంత నిజమే, కొంత మాత్రం అన్యాయం, సంతకం పెట్టాలా వద్దా?" పిప్ అంటే మీ పనితీరు బాగాలేదు, ఇన్ని రోజుల్లో మెరుగుపరుచుకోవాలి అని కంపెనీ గడువు పెట్టి ఇచ్చే లెటర్. హెచ్ఆర్‌లో కూర్చుని ఇలాంటి ఫైళ్ళు ఏళ్ళ తరబడి చదివినదాన్ని కాబట్టి, అటువైపు నుంచి ఏ జవాబు ఎలా కనబడుతుందో చెప్తాను.

ముందు సంతకం సంగతి. కాగితం చివరి లైను చదవండి. "ఈ లెటర్ నాకు అందింది" అని ఉంటే నిశ్చింతగా పెట్టేయండి. "ఇందులోని విషయాలు అంగీకరిస్తున్నాను" అని ఉంటే, సంతకం పక్కనే "అందింది, నా జవాబు విడిగా ఇస్తాను" అని మీ చేత్తో రాసి తేదీ వేయండి. అసలు పెట్టనని మొండికేస్తే ఒరిగేదేమీ లేదు, తీసుకోవడానికి నిరాకరించారని రాసుకుని అదే లెటర్ మెయిల్లో పంపుతారు, గడువు మాత్రం ఆగదు.

ఇక మూడు దారుల్లో మొదటిది, సంతకం పెట్టి నోరు మూసుకుని పనిచేసుకోవడం. లెటర్లో ఉన్నదంతా నిజమే అయితే ఇదే మంచిది. కొంతైనా తప్పుగా ఉంటే మాత్రం, గడువు ముగిశాక ఆ ఫైలు తెరిచేవాళ్ళకి మీరు అప్పుడు అభ్యంతరం చెప్పలేదన్నది ఒక్కటే కనబడుతుంది.

రెండోది ప్రతి లైనుకీ ఎదురు జవాబు. ఆ రాత్రి నిద్రపట్టక కూర్చుని రాసే మూడు పేజీల మెయిల్ అన్నమాట. పక్క సీటు అబ్బాయి చేసిన తప్పులు, రెండేళ్ళ క్రితం రాని ప్రమోషన్, మేనేజర్ అందరిముందు అన్న మాట, అన్నీ అందులోకి వస్తాయి. ఆ బాధ నిజమైనదే, కాదనను. కానీ ఆ మెయిల్ చదివేవాళ్ళు మీ పక్షాన ఉన్న గట్టి ఆధారాన్ని మూడో పేజీ దాకా వెతుక్కోరు, "విమర్శను తీసుకోలేరు" అని ఒక ముక్క నోట్ చేసుకుని పక్కన పెట్టేస్తారు.

నేను చెప్పేది మూడోది. లెటర్ అందిన రెండు మూడు పనిరోజుల్లో ఒక పేజీ మెయిల్. మేనేజర్‌కి పంపండి, హెచ్ఆర్‌ని కాపీలో పెట్టండి.

మా పిన్ని కూతురి కేసు చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. తిరుపతి నుంచి రోజూ కంపెనీ బస్సులో వెళ్ళి ఒక ఫ్యాక్టరీలో డిస్పాచ్ కాగితాలు చూసుకుంటుంది. అరవై రోజుల పిప్, మూడు ఆరోపణలు. డిస్పాచ్ రిపోర్టు ఉదయం పదింటికి వెళ్ళాలి, పోయిన నెల తొమ్మిది రోజులు ఆలస్యమైంది. రెండు కన్‌సైన్‌మెంట్లలో ఇన్‌వాయిస్‌కీ ప్యాకింగ్ లిస్టుకీ తేడా వచ్చింది. మూడోది, "బాధ్యత తీసుకునే తత్వం లేదు, టీంతో కమ్యూనికేషన్ సరిగా లేదు."

జవాబు రాసేముందు ఆ తొమ్మిది తేదీలూ తీసి ఒక్కో రోజు ఏం జరిగిందో తనతో కలిసి చూశాను. ఐదు రోజులు తనదే ఆలస్యం. నాలుగు రోజులు నైట్ షిఫ్ట్ వాళ్ళు స్టాక్ కౌంట్ క్లోజ్ చేసిందే పదిన్నర దాటాక, ఆ టైము సిస్టంలోనే ఉంది. రెండు తేడాల్లో ఒకటి తన తప్పు, రెండోది తను సెలవులో ఉన్న రోజుది, సెలవు మంజూరైన మెయిల్ ఉంది. అప్పుడు రాసిన జవాబు తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"లెటర్ అందింది. తొమ్మిది రోజుల ఆలస్యంలో ఐదు రోజులు నావల్ల జరిగింది, ఆ పని ఇకనుంచి తొమ్మిదిన్నరకే మొదలుపెడతాను. మిగతా నాలుగు తేదీల్లో స్టాక్ కౌంట్ 10.30 తర్వాత క్లోజ్ అయింది, ఆ తేదీలు కింద ఇచ్చాను, సిస్టంలో సరిచూడగలరు. మొదటి కన్‌సైన్‌మెంట్ తేడా నాది. రెండోది తయారైన రోజు నేను మంజూరైన సెలవులో ఉన్నాను. మూడో అంశంలో ఏ తేదీన ఏ సందర్భం మీ దృష్టికి వచ్చిందో చెబితే సరిదిద్దుకుంటాను."

ఇందులో "అన్యాయం" అన్న మాట ఎక్కడా లేదు చూడండి. కౌంట్ లేటు చేసింది ఎవరో పేరు కూడా లేదు, టైము చాలు. తన తప్పు ముందు ఒప్పుకుంది కాబట్టి తర్వాత చెప్పిన అభ్యంతరానికి బరువు వచ్చింది. దీన్ని చెన్నైలోనో బెంగళూరులోనో కూర్చున్న హెచ్ఆర్ హెడ్ చదివినా, ఈ అమ్మాయి ముఖం ఎప్పుడూ చూడకపోయినా, సిస్టం తెరిచి సరిచూసుకోవచ్చు.

అయితే నా లెక్కలో అసలు ముఖ్యమైన భాగం ఇంకా రాలేదు, చాలామంది రాయకుండా వదిలేసేది కూడా అదే. జరిగినదాని గురించి ఎంత బాగా వాదించినా, అరవయ్యో రోజున ఏం చూసి పాసయ్యారంటారో రాతలో లేకపోతే ఆ నిర్ణయం పూర్తిగా మేనేజర్ మూడ్ మీద ఆధారపడుతుంది. "రిపోర్టింగ్ మెరుగుపడాలి" అని లెటర్లో ఉంటే అది కొలవడానికి వీల్లేని మాట. అందుకే మెయిల్ రెండో సగంలో తను ఇలా అడిగింది: స్టాక్ కౌంట్ క్లోజ్ అయిన ముప్పై నిమిషాల్లో రిపోర్టు వెళ్తే సరిపోతుందా, నెలకి ఎన్ని తప్పుల లోపు ఉండాలి, ఆ తప్పులు ఎవరు లెక్కిస్తారు, ప్రతి శుక్రవారం పదిహేను నిమిషాలు రివ్యూ పెట్టగలరా. ఆరోపణ కొట్టేయమని అడిగితే మేనేజర్ పట్టుదలకి పోతాడు, కొలత అడిగితే కాదనడం అతనికే కష్టం. వీళ్ళ మేనేజర్ ముప్పై నిమిషాలకి ఒప్పుకున్నాడు, మూడో అంశానికి సందర్భాలు చూపలేక దాన్ని పక్కన పెట్టాడు, సెలవు రోజు తప్పు మాత్రం లెటర్లోంచి తీయలేదు. అయినా తన జవాబు ఫైల్లో ఉంది కాబట్టి నేను దాన్ని మళ్ళీ కదపొద్దన్నాను.

ప్రతి రివ్యూ అయ్యాక అదే రోజు నాలుగు లైన్ల మెయిల్ పెట్టాలి, ఇవాళ అనుకున్నది ఇదీ అని. ఆధారాల కోసం ఆఫీసు ఫైళ్ళు, కస్టమర్ వివరాలు సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, పిప్‌కన్నా పెద్ద కేసు అదే అవుతుంది. తేదీలు, టైములు సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి.

మిగతా దారులు క్లుప్తంగా. వెంటనే రాజీనామా ఇచ్చేముందు ఐదేళ్ళకి ఎన్ని నెలలు తక్కువో చూసుకోండి, పర్మనెంట్ ఉద్యోగులకి గ్రాట్యుటీ లెక్క మామూలుగా అక్కడే ఉంటుంది. లాయర్ నోటీసు, లేబర్ ఆఫీసు అనేవి ఉద్యోగంలోంచి తీసేసినప్పుడో, జీతం ఆపినప్పుడో ఆలోచించాల్సినవి, పిప్ దశలో వాటి పేరెత్తితే మాట్లాడే దారి మూసుకుపోతుంది. కులం, గర్భం, వేధింపు లాంటి కారణం వెనక ఉందనుకుంటే మాత్రం ఆగొద్దు, అది వేరే ఫిర్యాదు, వేరే కాగితం మీద వెళ్ళాలి.

ఈ మెయిల్ ఉద్యోగాన్ని కాపాడుతుందని హామీ ఇవ్వను. కొన్నిచోట్ల నిర్ణయం ముందే అయిపోయి ఉంటుంది. కొలత అడిగితే రెండు వారాలైనా జవాబు రాదు, రివ్యూలు వరసగా వాయిదా పడతాయి, మీ పని ఇంకొకరికి నేర్పించమంటారు. ఈ మూడూ కలిసి కనబడితే పని మామూలుగా చేస్తూనే ఆ సాయంత్రం నుంచే రెజ్యూమె తయారుచేసుకోండి, మెయిల్ మాత్రం పంపే ఉంచండి, వెళ్ళేటప్పుడు నోటీసు పే, రిలీవింగ్ లెటర్ గురించి మాట్లాడుకోవడానికి మీ చేతిలో ఉండే కాగితం అదే.