మేత బిల్లు: పదో రోజే కట్టాలా, నలభై రోజులు ఆగాలా?

కావలి దగ్గర రొయ్యల రైతుకి లక్ష రూపాయల మేత బిల్లు వచ్చిందనుకుందాం. పది రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేకపోతే నలభై రోజుల అరువు.

ముందే కడితే 98,000 చాలు. ఆగితే, ఆ 98,000ని 30 రోజులు వాడుకున్నందుకు 2,000 వడ్డీ ఇచ్చినట్టే.

ఏడాది లెక్క: 2 ÷ 98 × 365 ÷ 30 = సుమారు 24.8 శాతం. అంటే మన లెక్కలో నూటికి రెండు రూపాయల వడ్డీ కంటే కాస్త ఎక్కువ. చాలామంది 2 శాతమే కదా అని వదిలేస్తారు, అది నెలకే అని గమనించరు.

బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఓడీ, ఏడాదికి 12 శాతానికి దొరికితే నెల వడ్డీ దాదాపు 967. తీసుకుని పదో రోజున కట్టేయండి, వెయ్యికి పైగా మిగులుతుంది. మొదటి రోజే కట్టనక్కర్లేదు.

మూడు రూపాయల వడ్డీకి తెస్తే 2,940 పోతుంది. అప్పుడు అరువే నయం.

గడువు 70 రోజులైతే రేటు 12.4కి పడిపోతుంది, ఓడీతో దాదాపు సమానం. అప్పుడు నేనైతే ఆగుతాను: బస్తాల్లో బూజు కనిపిస్తే, డబ్బు ఇంకా చేతిలో ఉంటేనే డీలర్ త్వరగా మారుస్తాడు.