వరంగల్ ఎండకు తట్టుకున్న లాగ్ యాంప్: జంట ట్రాన్సిస్టర్లు, రిలే కాయిల్

కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగు వేసే రేకుల షెడ్డు కోసం చేసిన మీటర్ ఇది. రంగు నీళ్లలోంచి వచ్చే వెలుతురు ఫోటోడయోడ్ మీద పడుతుంది, ఆ కరెంటు, దాని లాగరిథమ్‌కు తగ్గ వోల్టేజ్ ఇచ్చే లాగ్ యాంప్‌లోకి పోతుంది. చలికాలం పొద్దున 15 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం 45. కొన్ని ఎండాకాలాలు వాడాక రాస్తున్నా.

ఆప్‌యాంప్ ఫీడ్‌బ్యాక్‌లో ఒకే ట్రాన్సిస్టర్ పెట్టే మామూలు సర్క్యూట్ ఇక్కడ పనికిరాదు. కరెంటు పది రెట్లు మారితే అవుట్‌పుట్ కదిలేది దాదాపు 60 మిల్లీవోల్టులే. కరెంటు మారకపోయినా బేస్-ఎమిటర్ వోల్టేజ్ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది కాబట్టి 30 డిగ్రీల తేడాకే 60 పోయాయి, అంటే అదే రంగు నీళ్లు పది రెట్ల తేడాతో కనిపిస్తాయి!

అందుకే ఒకే చిప్‌లో ఉన్న జంట కావాలి. నేను CA3046 వాడాను, మొదటి రెండు ట్రాన్సిస్టర్ల ఎమిటర్లు లోపలే కలిసి ఉంటాయి (13వ పిన్ను నెగటివ్ సప్లైకి కలపాలి). ఒకదానిలో ఫోటోడయోడ్ కరెంటు, రెండోదానిలో స్థిరమైన 10 మైక్రోఆంపులు. రెండూ ఒకేలా వేడెక్కుతాయి కాబట్టి ఆ 2 మిల్లీవోల్టుల గొడవ కొట్టుకుపోతుంది. విడి BC547లు రెండు అతికించినా నడుస్తుంది గానీ, వాటి మధ్య ఒక్క డిగ్రీ తేడా వస్తే కరెంటు లెక్క 8 శాతం తప్పుతుంది.

ఇంకా మిగిలేది వాలు. పది రెట్లకు 15 డిగ్రీల దగ్గర 57 మిల్లీవోల్టులు, 45 దగ్గర 63. దీన్ని 1 వోల్టుకు పెంచే డివైడర్‌లో కింది రెసిస్టర్ కూడా వేడితో పెరగాలి, డిగ్రీకి సుమారు 0.35 శాతం. అలాంటి రెసిస్టర్ దొరక్క 400 ఓముల 12 వోల్టుల రిలే కాయిళ్లు రెండు సిరీస్‌లో పెట్టా. రాగి ఒక్కటే అయితే కాస్త ఎక్కువ పెరుగుతుంది, 60 ఓముల మెటల్ ఫిల్మ్ కలిపితే సరిపోయింది. పై రెసిస్టర్ 13.6 కిలోఓములు. కాయిళ్లను ఐసీని ఆనుకునేలా ఒకే డబ్బాలో పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉంచాలి, లేకపోతే 50 హెర్ట్జ్ హమ్ ఎక్కుతుంది.

తప్పు ఎక్కడుందో చూడాలంటే ఇన్‌పుట్‌లో కూడా 10 మైక్రోఆంపులే ఇచ్చి హెయిర్ డ్రయ్యర్‌తో డబ్బాను మెల్లగా వేడిచేయండి. సున్నా కదిలితే జంటలో తేడా ఉన్నట్టు. సున్నా నిలబడి, 1 మైక్రోఆంపు దగ్గర 1 వోల్టు జారితే కాయిల్ లెక్క చూసుకోవాలి. ఫ్యాన్ గాలి డబ్బాకు ఒక పక్కే తగులుతుంటే మాత్రం ఈ రెండింటిలో ఏదో చెప్పడం కష్టమే, ముందు ఫ్యాన్ ఆపండి.

మీ కరెంటు వంద రెట్లకు మించి మారదంటే ఇంత తంటా వద్దు, మామూలు యాంప్ పెట్టి లాగ్ లెక్క మైక్రోకంట్రోలర్‌లో చేసుకోండి.