రుద్రాక్ష గీతలు, చందనపు రేకలు: మూడేళ్లుగా మాక్రో లెన్స్‌తో

ఫోన్‌కి తగిలించే చిన్న మాక్రో లెన్స్‌తో మూడేళ్లుగా రుద్రాక్షలు, చందనపు పూసలు అసలువో నకిలీవో ఫొటో తీసి చూస్తున్నాను. రుద్రాక్ష విషయంలో నాకు బాగా పనికొచ్చింది. చందనం దగ్గర మాత్రం సగం దారిలోనే వదిలేస్తుంది.

ముందుగా వెలుగు సంగతి. ఫ్లాష్ వేస్తే గీతల లోతు కనిపించదు. టార్చ్‌ని టేబుల్‌కి ఆనించి ఒక్క పక్కనుంచే పడేలా పెడితే నీడలు పడి, బుడిపెలు విడివిడిగా తెలుస్తాయి.

ఒక స్నేహితుడు ఏడుముఖి, అంటే ఏడు గీతలున్నది అని కొన్న రుద్రాక్ష పూస తెచ్చాడు. తిప్పుతూ తొమ్మిది ఫొటోలు తీశాను. అయిదు గీతలు పై రంధ్రం నుంచి కింది రంధ్రం దాకా తెగకుండా వెళ్లాయి. వాటి అంచుల్లో బుడిపెలు తమంతట తామే వాలి గాడిలోకి దిగుతున్నాయి. మిగతా రెండు గీతల దగ్గర బుడిపెలు మధ్యకు తెగిపోయి ఉన్నాయి, గాడి అడుగు నున్నగా ఉంది. ఒకటైతే రంధ్రం చేరకముందే సన్నబడి ఆగిపోయింది. ఆకురాయితోనో కత్తితోనో గీసినవే అనిపించింది. వాడు నమ్మలేదు.

చివరికి కోయడానికి వాడే ఒప్పుకున్నాడు. సన్నని రంపంతో పూసను అడ్డంగా సగానికి కోసి, ముందు 400, తర్వాత 800 నంబరు శాండ్ పేపర్‌తో రుద్ది, తడిగుడ్డతో పొడి తుడిచి ఫొటో తీశాం. అసలు గీత ఒక్కోదానికి లోపల ఒక్కో విత్తనపు గది ఉండాలి. లోపల అయిదే గదులు! ఆ రెండు గీతలూ గట్టి పెంకు పైపైనే ఆగిపోయాయి.

ఇక్కడ నేనూ ఒకసారి తప్పు చేశాను. ఇంకో పూస అడ్డకోతలో విత్తనాలు లెక్కపెట్టి నకిలీ అనేశాను. అన్ని గదుల్లోనూ విత్తనం ఎదగదు, కొన్ని ముడుచుకుపోయి చిన్న చీలికల్లా ఉంటాయి. లెక్కపెట్టాల్సింది గదుల్ని. కోస్తే పూస పోతుంది కాబట్టి, ఖరీదైనదైతే ఎక్స్-రే తీయించడమే మేలు.

చందనానికి వస్తే, పూస ఒక చివర కొంచెం చెక్కి అడ్డకోత ఫొటో తీస్తాను. అసలు చందనంలో రంధ్రాలు చాలా సన్నగా, ఎక్కువగా ఒంటరిగా, అంతటా చెదిరి ఉంటాయి. పొడవునా చూస్తే రేకలు నున్నగా, దగ్గరగా కనిపిస్తాయి. మామూలు కంటికే పొడవాటి గాట్లు కనబడితే అనుమానించాలి. పైన ముదురు రంగు ఉండి, చెక్కగానే లోపల పాలిపోయి ఉంటే రంగో నూనో పట్టించినట్టే అనుకున్నాను, చాలాకాలం. కానీ అసలు చెట్టులోనే చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకు వాసన ఉండదు. దాన్ని పూసగా తిప్పి నూనెలో నానబెట్టి అమ్మితే, ఫొటోలో అది చందనమే. అలాంటి మాల ఒకటి ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది, కొన్న రెండు నెలలకే వాసన పోయింది.