పీనకిల్‌లో తురుపు ఏది మేలు: మెల్డ్ ఎక్కువిచ్చే రంగా, ముక్కలు ఎక్కువున్న రంగా?

డబుల్ డెక్ పీనకిల్ పేకాటలో పాట గెలిచాక వచ్చే అసలు చిక్కు తురుపు ఎంచుకోవడం. మెల్డ్ అంటే ఆటకి ముందే చేతిలోని ముక్కల కలయికలు చూపించి తెచ్చుకునే పాయింట్లు. పాట అంటే మెల్డ్, ఆటలో గెలిచేవి కలిపి ఇన్ని పాయింట్లు తెస్తామని ఒప్పుకోవడం. 80 ముక్కలు, నలుగురు, ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జత, ఒక్కొక్కరికి 20 ముక్కలు. తొమ్మిదులు ఉండవు. ప్రతి రంగులో ఆసు, పది, రాజు, రాణి, జాకీ నాలుగేసి ఉంటాయి. బలం కూడా ఆ వరుసలోనే, అంటే పది రాజు కంటే పెద్దది.

నా చేతికి ఒకసారి ఈ ముక్కలు వచ్చాయి. ఇస్పేటులో ఆసు, పది, రాజు, రాణి, జాకీ. ఆఠీనులో మూడు ఆసులు, మూడు పదులు, రాజు, రాణి. డైమండులో ఆసు, రాజు, జాకీ. కళావరులో ఆసు, పది, రాజు, జాకీ. పాట 50 దగ్గర మొదలై 60కి నా మీద ఆగింది.

ఇస్పేటు తురుపు అంటే ఆ అయిదు ముక్కలూ రన్ అవుతాయి, దానికి 15. ఆఠీను రాజు, రాణి జంటకి 2. నాలుగు రంగుల ఆసులకి 10, నాలుగు రాజులకి 8. ఇస్పేటు రాణి, డైమండు జాకీ కలిస్తే పీనకిల్, దానికి 4. మొత్తం 39. ఆఠీను తురుపు అంటే రన్ పోతుంది. తురుపు జంటకి 4, ఇస్పేటు జంటకి 2, మిగతా 22 అలాగే ఉంటాయి, మొత్తం 28. భాగస్వామి మెల్డ్ 6 అనుకుంటే ఇస్పేటుతో 45, ఆఠీనుతో 34. కాగితం మీద ఇస్పేటుదే 11 పైచేయి.

ఇప్పుడు ఆట వైపు చూడాలి. ట్రిక్కు అంటే నలుగురూ తలో ముక్క వేసే ఒక చుట్టు. గెలిచిన ట్రిక్కుల్లో ఆసు, పది, రాజు ఒక్కోటి 1 పాయింటు. రాణికీ జాకీకీ ఏమీ లేదు. అలా 48, చివరి ట్రిక్కుకి 2, మొత్తం 50. ట్రిక్కులు 20 కాబట్టి సగటున ఒక్కోదానికి రెండున్నర. నేను ట్రిక్కులు లెక్కేసి రెండున్నరతో గుణిస్తాను. చేతిలో అంతకంటే మంచి అంచనా నాకు దొరకలేదు.

ఆఠీను తురుపైతే బయట ఉన్నవి 12, వాటిలో ఆసు ఒక్కటే. నా మూడు ఆసులు వరసగా వేస్తే వాటిలో చాలా భాగం రాలిపోతాయి. తురుపులోనే ఏడు ట్రిక్కులు, పక్క రంగుల ఆసులతో మూడు, భాగస్వామికి మూడు అనుకుంటే పదమూడు, అంటే దాదాపు 33. ఇస్పేటు తురుపైతే బయట 15 తురుపులు, నా దగ్గర అయిదే. తురుపు ఆసు ఒకటి, ఆఠీను ఆసులు మూడు, మిగతా ఆసులు రెండు, భాగస్వామికి మూడు, అంటే తొమ్మిది, దాదాపు 22. నా ఆఠీను పదులు బయటికొచ్చేసరికి ఎవరో ఒకరు తురుపు కొట్టేస్తారు.

45కి 22 కలిపితే 67. 34కి 33 కలిపినా 67. అంటే రెండూ సమానమేనా? కాదు. పాట నిలవాలంటే ట్రిక్కుల్లోనే కనీసం 20 తేవాలని చాలామంది ఆడతారు, మా ఆటలోనూ అదే నియమం. ఇస్పేటుతో లెక్కకి 15 చాలు కానీ నియమం 20 అడుగుతుంది, 22 అంచనాతో మిగిలేది రెండే పాయింట్ల వెసులుబాటు. ఆఠీనుతో 26 కావాలి, 33 అంచనాతో ఏడు మిగులుతాయి. మెల్డ్ పాటకి 20 దూరంలోపు వచ్చేశాక, పైన వచ్చే మెల్డ్ స్కోరు పెంచుతుందే కానీ పాటని కాపాడదు. అదే పాట 65 అయితే ఇస్పేటుకి 20, ఆఠీనుకి 31 కావాలి. అప్పుడు రెండింటికీ రెండేసే మిగులుతాయి, ఏదైనా ఒకటే. పాట తక్కువలో ఆగిందా, పొడుగు రంగే మేలు.

ఆ రోజు నేను ఇస్పేటు అన్నాను. ఆట అయ్యాక మా కుప్పలో ఆసులు, పదులు, రాజులు తీసి పదేసి చొప్పున పేర్చాను. ఒక వరుస నిండింది, రెండోదాంట్లో తొమ్మిది. అవతలివాళ్లు 29 అన్నారు. కలిపితే 48. రాణి ఎక్కడైనా పొరపాటున లెక్కలో కలిస్తే మొత్తం 50 దాటుతుంది. సరిగ్గా 48 వస్తే చివరి ట్రిక్కు తాలూకు 2 ఎవరో మర్చిపోయారన్నమాట. అందుకే రెండు కుప్పలూ లెక్కపెట్టి కలపకుండా స్కోరు రాయకూడదు. ఆ 2 మావే అయితే 21, పాట నిలిచేది. చివరి ట్రిక్కు నా ఎడమవైపు ఆయన తురుపు జాకీతో తీశాడు. వాళ్లకి 31, మాకు 19. 45, 19 కలిపితే 64, పాట కంటే ఎక్కువే. అయినా మెల్డ్ మొత్తం పోయి, మా స్కోరులోంచి 60 తీసేశారు.