యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్నవారు కండబలం కోసం ఏ ప్రొటీన్ తింటే మేలు?

బరువులు ఎత్తే వ్యాయామం మొదలుపెట్టినవారిలో గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే వాపు, ఉన్నవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. ప్రొటీన్ తినకపోతే కండ పెరగదు, తింటే బొటనవేలి కీలు వాచి నిద్ర పట్టనివ్వదు, మరి ఏం తినాలి? వీరిలో చాలామంది రక్తపరీక్ష చూసిన రోజే మాంసం, గుడ్లు, పప్పులు అన్నీ ఒకేసారి మానేసి ఉంటారు. అంత కఠినమైన పథ్యం అవసరం లేదు, పైగా అది బలం పెంచుకునే ప్రయత్నాన్నే దెబ్బతీస్తుంది.

యూరిక్ యాసిడ్ ప్రొటీన్ నుంచి పుట్టదు. ప్రొటీన్‌లోని నైట్రోజన్ యూరియాగా మారి బయటకు పోతుంది. యూరిక్ యాసిడ్‌గా మారేవి ప్యూరిన్లు, అంటే కణాల కేంద్రకాల్లోనూ, శక్తినిచ్చే అణువుల్లోనూ ఉండే పదార్థాలు. అందువల్ల ఒక ఆహారంలో ప్రొటీన్ ఎంత ఉందన్నది కాక, ఒక్కో గ్రాము ప్రొటీన్‌తో పాటు ఎన్ని ప్యూరిన్లు లోపలికి వస్తున్నాయన్నదే నా దృష్టిలో అసలు కొలమానం. వంద గ్రాముల ఆహారానికి ఇన్ని ప్యూరిన్లని చూపే పట్టికలు బలం పెంచుకునేవారిని తప్పుదారి పట్టిస్తాయి, ఎందుకంటే వారు రోజుకు ఇన్ని గ్రాముల ప్రొటీన్ అని లెక్క పెట్టుకుని తింటారు.

ఈ కొలమానంతో చూస్తే చికెన్ బ్రెస్ట్ స్థానం చాలామంది అనుకునే చోట ఉండదు. వంద గ్రాముల పచ్చి చికెన్ బ్రెస్ట్‌లో సుమారు 23 గ్రాముల ప్రొటీన్, 140 మిల్లీగ్రాముల ప్యూరిన్లు ఉంటాయి. అంటే గ్రాము ప్రొటీన్‌కు ఆరు మిల్లీగ్రాములు. ఎండు పప్పుల్లో ఇది దాదాపు సగం. గుడ్డులోనూ పాలలోనూ లెక్కలోకి తీసుకోనవసరం లేనంత తక్కువ. గుడ్డు ఒకే పెద్ద కణం కాబట్టి అందులో కేంద్రక పదార్థం అత్యల్పంగా ఉంటుంది, పాలు అసలు కణజాలమే కావు.

వ్యాయామం చేసే 75 కిలోల మనిషికి కిలోకు 1.6 గ్రాముల చొప్పున రోజుకు 120 గ్రాముల ప్రొటీన్ కావాలనుకుందాం. అతడు దాన్నంతటినీ చికెన్ నుంచే తెచ్చుకోవాలంటే అర కిలోకు పైగా పచ్చి మాంసం తినాలి, దానితో 700 మిల్లీగ్రాములకు మించి ప్యూరిన్లు వస్తాయి. జపాన్ గౌట్ మార్గదర్శకాలు రోజుకు 400 మిల్లీగ్రాముల లోపు ఉండాలని సూచిస్తున్నాయి. అదే మనిషి మూడు గుడ్లు (18 గ్రాములు), అర లీటరు వెన్న తీసిన పాలు (17), పాల నుంచి తీసిన వే ప్రొటీన్ పొడి ఒక కొలత (24), 300 గ్రాముల పెరుగు (10), 60 గ్రాముల ఎండు పప్పు (14), 100 గ్రాముల చికెన్ (23) తీసుకుంటే 106 గ్రాములు వస్తాయి, మిగిలిన 14 ధాన్యాల నుంచి సమకూరుతాయి. ఈ ఏర్పాటులో చికెన్, పప్పు కలిపి ఇచ్చే ప్యూరిన్లు దాదాపు 185 మిల్లీగ్రాములు. ధాన్యాల నుంచి వచ్చే కొద్దిపాటిని కలుపుకున్నా హద్దుకు చాలా దిగువనే ఉంటాడు, చికెన్‌ను వదులుకోనవసరం కూడా రాలేదు.

పాల వైపు నేను మొగ్గడానికి కారణం ప్యూరిన్లు తక్కువగా ఉండడం ఒక్కటే కాదు. పాలలోని కేసిన్, లాక్టాల్బుమిన్ అనే ప్రొటీన్లు మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ను ఎక్కువగా బయటకు పంపేలా చేస్తాయి. యూరిక్ యాసిడ్ పెరిగిన చాలామందిలో అసలు లోపం బయటకు పంపడంలోనే ఉంటుంది కనుక ఈ గుణానికి విలువ ఎక్కువ. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం 47 వేలకు పైగా పురుషులను 12 ఏళ్లు గమనించింది. మాంసం అత్యధికంగా తిన్నవారిలో గౌట్ ముప్పు 41 శాతం ఎక్కువగా, పాల పదార్థాలు అత్యధికంగా తిన్నవారిలో 44 శాతం తక్కువగా కనిపించింది. ఆ రక్షణ ముఖ్యంగా కొవ్వు తక్కువ ఉన్న పాల పదార్థాలతో కనిపించినదే. ప్యూరిన్లు అధికంగా ఉన్న శాకాహారానికీ గౌట్‌కూ అదే అధ్యయనంలో సంబంధం కనిపించలేదు. పప్పులు మానేసినవారు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి. పాలు పడనివారికి పెరుగు, లేదా లాక్టోజ్ దాదాపు లేని వే ఐసోలేట్ సరిపోతుంది.

వే పొడి కొనేటప్పుడు పేరు చూసి ఆగకుండా వెనుక ఉన్న పదార్థాల జాబితా చదవాలి. అందులో ఫ్రక్టోజ్ లేదా చక్కెర ముందు వరుసలో ఉంటే ఆ డబ్బా వద్దు. ఫ్రక్టోజ్‌ను కాలేయం ఫాస్ఫేట్‌తో బంధించే క్రమంలో కణంలోని శక్తి అణువులు విరిగి యూరిక్ యాసిడ్‌గా మారతాయి, కాబట్టి ప్యూరిన్లు లేని పొడి కూడా హాని చేస్తుంది. బ్రూవర్స్ ఈస్ట్, స్పిరులినా వంటివి ఆరోగ్యకరమైన ప్రొటీన్లుగా అమ్ముడవుతున్నా, వాటిలో ప్యూరిన్లతో కూడిన న్యూక్లిక్ ఆమ్లాలు అధికం, దూరంగా ఉంచడమే మంచిది.

కాలేయం, మూత్రపిండాల వంటి అవయవ మాంసాలు, చిన్న చేపలు గౌట్ ఉన్నవారికి పనికిరావు. మిగిలిన చేపలు వారానికి ఒకటి రెండుసార్లు తినవచ్చు. టోఫు చికెన్ కంటే మేలు. మాంసాన్ని ఉడకబెడితే కొన్ని ప్యూరిన్లు నీటిలోకి దిగుతాయి కనుక ముక్కలు తిని ఆ నీటిని పారబోయాలి. బలానికి మంచిదని ఎముకల రసం తాగేవారు తొలగించుకోవలసినదాన్నే తిరిగి లోపలికి పంపుకుంటున్నారు.

అయితే ఆహారం ఎంతవరకు పని చేస్తుందో ముందే తెలిసి ఉండాలి. శరీరంలో తయారయ్యే యూరిక్ యాసిడ్‌లో ఎక్కువ భాగం మన కణాల నుంచే వస్తుంది కనుక, జాగ్రత్తగా తిన్నా సాధారణంగా తగ్గేది డెసిలీటరుకు ఒక మిల్లీగ్రాము చుట్టుపక్కలే. 7.2 ఉన్నవారికి అది పెద్ద మేలు. 9.5 ఉండి తరచూ కీలు వాచేవారికి చాలదు. వారు వైద్యుడు రాసిన అల్లోప్యూరినాల్ వంటి మందును ఆహారం మీద నమ్మకంతో మానకూడదు. గౌట్ ఉన్నవారికి లక్ష్యం 6 కంటే తక్కువ. మూత్రపిండాల పనితీరు తగ్గినవారు 1.6 గ్రాముల లెక్కను వైద్యుని అడగకుండా పాటించకూడదు.

మార్పు ఫలించిందో లేదో చూసే పరీక్షలోనూ పొరపాట్లు జరుగుతాయి. కఠినమైన వ్యాయామం తరువాత కండరాల్లో తయారయ్యే లాక్టేట్ పెరిగి మూత్రపిండాల వద్ద యూరిక్ యాసిడ్ విసర్జనను అడ్డుకుంటుంది, చెమటతో నీరు తగ్గడం దానికి తోడవుతుంది. అందుచేత బరువులు ఎత్తిన మర్నాటి రక్తంలో కనిపించే సంఖ్య ఆహారం చేసిన పనిని చెప్పదు. కీలు వాచి ఉన్న రోజుల్లో మాత్రం సంఖ్య అసలుకంటే తక్కువగా కనిపించి మోసం చేయవచ్చు. నొప్పి పూర్తిగా తగ్గి కనీసం రెండు వారాలు గడిచాక, రెండు రోజులు బరువులు ఎత్తకుండా, నీరు సరిగా తాగి, ఉదయాన్నే రక్తం ఇవ్వాలి. కొత్త ఆహారంతో ఆరు వారాలు గడిచాక అదే పద్ధతిలో మళ్లీ పరీక్ష చేయించుకుంటే, ఆ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు.